ఆ రామచంద్రారెడ్డి వేరు, ఈ రామచంద్రారెడ్డి వేరు

ప్రశ్న: నేను నల్లగొండలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. వ్యాసరచన పోటీకి ‘నల్లగొండ జిల్లాలో భూమి పోరు: 1946–1951’ అని చరిత్ర వ్యాసం రాశాను. రాయడం అయిపోయింది, దిద్దడమే తెమలడం లేదు. 1500 పదాలు దాటకూడదన్నారు, నాది 1930 వచ్చింది. మా హిస్టరీ సార్ చూసి, ‘చరిత్ర కాబట్టి క్రియలన్నీ భూతకాలంలో పెట్టు, మీ నాయనమ్మ చెప్పిన ముచ్చట్లు తీసెయ్’ అన్నారు. మా పెద్దనాయన రిటైరైన తెలుగు పండిట్. ‘పోరాటం’, ‘దేశ్‌ముఖ్’, ‘రామచంద్రారెడ్డి’ ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లు ఎర్ర సున్నా చుట్టి, వచ్చిన మాటే రాకుండా వేరే మాటలు వెయ్యమన్నారు. ఇద్దరు చెప్పినట్టూ మార్చాను. ఇప్పుడు చదివితే నాకే తికమకగా ఉంది. మా ఫ్రెండ్ చదివి, ‘కొమరయ్యను చంపించిన దొరే తర్వాత మంచోడై వంద ఎకరాలు దానం చేసిండా?’ అని అడిగింది. టెన్షన్‌గా ఉంది. వీళ్లలో ఎవరి మాట తీసేసినా బాధపడతారు. వచ్చే సోమవారం పంపాలి. మార్చక ముందుది, మార్చినది రెండూ జత చేస్తున్నాను.
— పేరు వద్దు, నల్లగొండ

జవాబు: ముందు మీ ఫ్రెండ్‌కు థాంక్స్ చెప్పండమ్మా. సార్‌కీ పెద్దనాయనకీ ఈ చరిత్ర ముందే తెలుసు కాబట్టి మీరు రాయనిది కూడా వాళ్లు మనసులో పూరించుకుని చదివేశారు. ఆ అమ్మాయికి తెలియదు, అందుకే కాగితం మీద ఏముందో అదే చదివింది. పోటీలో మీ వ్యాసం ఎవరు దిద్దినా, వాళ్ల ముందు ఇంకో వంద వ్యాసాలు ఉంటాయి. వాళ్లు కూడా ఆ అమ్మాయి చదివినట్టే చదువుతారు.

మీ రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టి చూశాను. మొదటి ప్రతిలో ఈ గందరగోళం లేదు. దొడ్డి కొమరయ్య ప్రాణం పోయిన కడవెండి దగ్గర ‘విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి’ అని, భూదానం మొదలైన పోచంపల్లి దగ్గర ‘వెదిరె రామచంద్రారెడ్డి’ అని పూర్తిగా రాశారు. ఇద్దరూ అప్పటి నల్లగొండ జిల్లా వాళ్లే, ఇద్దరి పేర్లూ ఒకటే. వాళ్లను విడదీసేది ముందున్న ఆ ఒక్క మాట. ఎర్ర సున్నాలు చూసి మీరు తీసేసింది సరిగ్గా ఆ మాటనే. మొదటి ఆయన ఒకచోట ‘దొర’, ఒకచోట ‘జమీందారు’, రెండుచోట్ల ‘ఆయన’ అయ్యారు. రెండో ఆయన ఒట్టి ‘రామచంద్రారెడ్డి’గా మిగిలారు. 1946లో జనం మీద తుపాకులు పేల్పించిన దొర, 1951లో వంద ఎకరాలు ఇచ్చిన దాత ఒక్కరే అయి కూర్చున్నారు. పునరుక్తి తగ్గించబోతే సర్వనామాలు చెడ్డాయి. అందుకని ఈ పనులు ఏ వరుసలో చెయ్యాలన్నది ఇక్కడ ముఖ్యం.

పెద్దనాయన చెప్పింది తప్పని నేను అనను. మీ వ్యాసంలో పునరుక్తి ఉంది, బాగా ఉంది. కాకపోతే అది ఆయన సున్నా చుట్టిన చోట లేదు. వెట్టి గురించి రెండో పేరాలో దాదాపు 120 పదాలు రాశారు. కుమ్మరి కుండలు ఇవ్వాలి, చాకలి బట్టలు ఉతకాలి, అందరూ దొర పొలంలో కూలి లేకుండా చెయ్యాలి అని. ఐదో పేరాలో పాలకుర్తి ఐలమ్మ దగ్గరికి వచ్చేసరికి అదే మళ్లీ 110 పదాలు. నాయనమ్మ ముచ్చట్లో మూడోసారి. మాటలు మారాయి కాబట్టి కంటికి పునరుక్తిలా కనిపించదు, సున్నా పడదు. చదివేవాడికి మాత్రం ‘ఇది ఇందాక చదివాం కదా’ అనిపిస్తుంది. దీన్ని పట్టుకోవాలంటే మాటలు వెతికితే లాభం లేదు. ప్రతి పేరా పక్కన మార్జిన్‌లో ‘ఈ పేరా కొత్తగా చెప్పింది ఏమిటి’ అని ఐదారు మాటల్లో పెన్సిల్‌తో రాయండి. రెండు పేరాల పక్కన ఒకే సంగతి రాయాల్సి వస్తే అక్కడే కోత పెట్టాలి.

మాటలు మళ్లీ మళ్లీ వచ్చే పునరుక్తి వేరు. మీ మొదటి ప్రతిలో ‘పోరాటం’ నిజంగానే కాస్త ఎక్కువైంది. కంప్యూటర్‌లో Ctrl+F నొక్కి వెతికేటప్పుడు ‘పోరాటం’ అని కొట్టకండి. అలా కొడితే పోరాటాన్ని, పోరాటానికి, పోరాటాలు అన్నవి దొరకవు. ‘పోరాట’ అని కొడితే అన్నీ దొరుకుతాయి. వాటిలో చాలావాటికి పర్యాయపదం అక్కర్లేదు, వాక్యాన్నే తీసేయవచ్చు. ‘ఈ పోరాటం ఎంతో గొప్ప పోరాటంగా నిలిచింది’ అన్న వాక్యం పోతే వ్యాసానికి ఏ నష్టమూ లేదు.

చరిత్ర వ్యాసంలో కొన్ని మాటలకు మాత్రం పర్యాయపదాలు లేవు. మీరు ‘దేశ్‌ముఖ్’ బదులు ఒకచోట ‘జాగీర్దార్’, ఒకచోట ‘జమీందారు’ వేశారు. దేశ్‌ముఖ్‌లు శిస్తు వసూలు హక్కుల మీద ఎదిగి, ఊళ్లకు ఊళ్లు భూములు చేతుల్లోకి తెచ్చుకున్నవాళ్లు. జాగీర్దారుకు నిజాం జాగీరు ఇచ్చి ఉండాలి. జమీందారు అనగానే చరిత్ర చదివినవాళ్లకు బ్రిటిష్ పాలనలోని కోస్తా జిల్లాలు, శాశ్వత శిస్తు ఒప్పందం గుర్తొస్తాయి. ఇవి మూడు వేరు వేరు ఏర్పాట్లు. అలాగే కడవెండిలో ‘దొర మనుషులు’ అన్నది రెండోసారి వచ్చిందని ‘రజాకార్లు’ అని మార్చారు. దొడ్డి కొమరయ్య ప్రాణం పోయింది 1946 జులై 4న. ఖాసిం రజ్వీ నాయకత్వంలో రజాకార్ల దాడులు పల్లెల్లో పెరిగింది 1947, 48లలో. కడవెండిలో కాల్పులు జరిపింది విసునూరు దొర మనుషులు. ఒక్క మాట అందం కోసం మారిస్తే నేరం ఇంకొకరి మీద పడింది. కవిత్వంలో చంద్రుణ్ణి శశి అన్నా సోముడన్నా చంద్రుడే. ఇక్కడ దేశ్‌ముఖ్‌ను జమీందారు అంటే మనిషే మారిపోతాడు. ఈ మాటలన్నీ మొదటి ప్రతిలో ఉన్నట్టే వెనక్కి తెచ్చుకోండి, ఐదుసార్లు వచ్చినా సరే.

ఇక సర్వనామాలు. మార్చిన ప్రతిలో పోచంపల్లి పేరా ఇలా ఉంది:

“1951 ఏప్రిల్ 18న వినోబా భావే పోచంపల్లి వస్తారు. హరిజనవాడకు వెళ్లి వారితో మాట్లాడారు. భూమి లేదని చెప్పారు. ఎంత కావాలని అడిగితే ఎనభై ఎకరాలని చెప్పారు. అప్పుడు రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానన్నారని చెబుతారు. ఆయన ఆశ్చర్యపోయారు. దీనివల్ల ఆయన జీవితమే మారిపోయింది. ఇది దేశమంతా వ్యాపించింది. అప్పటికి సాయుధ పోరాటం ముగిసింది.”

ప్రతి క్రియ దగ్గరా ఆగి ‘ఎవరు?’ అని అడగండి. మన భాషలో కర్త లేకుండానే వాక్యం నడుస్తుంది, పైగా ‘చెప్పారు’ అంటే ఒక పెద్దాయన అయినా కావచ్చు, పదిమంది అయినా కావచ్చు. ‘భూమి లేదని చెప్పారు’ అన్నప్పుడు చెప్పింది వినోబానా, వాడవాళ్లా? ముందు వాక్యంలో కర్త వినోబా కాబట్టి చదివేవాడు ముందు ఆయన్నే అనుకుంటాడు. అంటే వినోబాయే వాళ్లకు ‘మీకు ఇవ్వడానికి భూమి లేదు’ అని చెప్పినట్టు కూడా చదవవచ్చు. ‘ఆయన ఆశ్చర్యపోయారు’లో ఆయన ఎవరు? దగ్గరగా ఉన్న పేరు రామచంద్రారెడ్డి. కానీ ఆశ్చర్యపోయింది వినోబా. జీవితం మారింది ఎవరిది? వంద ఎకరాలు ఇచ్చినాయనది కూడా మారే ఉంటుంది, కానీ మీరు చెప్పదలచుకున్నది వినోబా భూదాన యాత్ర గురించి. ‘ఇది’ అంటే ఏది? దానమా, ఆశ్చర్యమా, మారిన జీవితమా?

దీనికి నేను వాడే పద్ధతి చెబుతాను. వ్యాసాన్ని ప్రింట్ తీసుకుని ఆయన, ఆమె, వారు, ఇది, దీనివల్ల, అక్కడ, అప్పటికి అన్నవి కనిపించిన చోటల్లా కింద గీత గీయండి. దాని మీద అసలు పేరు పెన్సిల్‌తో రాయండి. పేరు రాసేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగినా, ఇంకో పేరు కూడా అక్కడ అతికినా, సర్వనామం తీసి పేరే పెట్టండి. కర్త లేని క్రియలకూ అంతే. ‘దీనివల్ల’, ‘ఇది’ అన్నవాటికి పక్కన ఒక నామవాచకం చేరిస్తే చాలు: ఈ దానంతో, ఈ ఉద్యమం. మనసులో చదువుకుంటే ఇది పట్టుబడదు, ఎందుకంటే రాసింది మీరే, ఆ ‘ఆయన’ ఎవరో మీకు ఎప్పుడూ తెలుసు. పెన్సిల్‌తో రాయాల్సి వచ్చినప్పుడే అనుమానం బయటపడుతుంది.

నాయనమ్మ పేరాలో కూడా ఒకటి ఉంది. ‘నాయనమ్మ వాళ్ల అమ్మ గడిలో వెట్టికి పోయేది. ఆమె చిన్నప్పుడు చూసింది’ అని రాశారు. చూసింది నాయనమ్మా, వాళ్ల అమ్మా? మాట్లాడేటప్పుడు ఇది సమస్య కాదు. చరిత్రలో మాత్రం కళ్లతో చూసిన సాక్షి ఒకరు, తల్లి చెప్పగా విన్నది ఇంకొకరు. ఇందులో మీ నాయనమ్మ ఎవరో ఆమెనే అడిగి, ‘చూసింది’ అనో ‘తల్లి చెప్పగా విన్నది’ అనో తేల్చి రాయండి.

ఇంకొకటి గమనించారో లేదో. మీ వ్యాసంలో దొర ‘వచ్చారు’, ‘ఆదేశించారు’. కొమరయ్య ‘చనిపోయాడు’. ఐలమ్మ ‘ఎదిరించింది’. నిజాం ఒకచోట ‘లొంగిపోయాడు’, ఇంకోచోట ‘ప్రకటించారు’. గౌరవం ఎవరికి ఇవ్వాలో మీ ఇష్టం, కానీ అందరికీ ఒకే కొలత ఉండాలి. భూమి కోసం నిలబడ్డవాళ్ల గురించి రాస్తూ దొరకు ‘ఆయన’, గొల్లకురుమ బిడ్డకు ‘అతను’ అనడం మీ ఉద్దేశం కాదని నాకు తెలుసు. పాఠ్యపుస్తకాల నుంచి ఒకటి, ఇంట్లో మాట నుంచి ఒకటి వచ్చి కలిసిపోయాయి. నేనైతే అందరికీ ‘ఆరు’ చేర్చి రాస్తాను: కొమరయ్య ప్రాణాలు కోల్పోయారు, ఐలమ్మ ఎదిరించారు.

కాలం సంగతికి వద్దాం. సార్ మాటలో అసలు విషయం సరైనదే. 1951లో జరిగిన ఒకే సంఘటనలో ‘వస్తారు’, వెంటనే ‘మాట్లాడారు’ అని రాయకూడదు. కథ చెప్పేటప్పుడు ‘వస్తారు, అడుగుతారు’ అని నడపడం తెలుగులో ఉంది, బాగుంటుంది కూడా. కానీ మొదలుపెడితే చివరిదాకా అలాగే సాగాలి. చిన్న వ్యాసంలో అది కుదరదు, జరిగిపోయిన పనులకు భూతకాలమే మేలు. తెలుగులో ఇంకో చిక్కు కూడా ఉంది. ‘ఇస్తానన్నారని చెబుతారు’ అనగానే అది జనం చెప్పుకునే మాట అన్న అర్థం వచ్చేస్తుంది, జరిగిందో లేదో అన్న అనుమానం చేరుతుంది. వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇచ్చింది పుకారు కాదు, భూదాన ఉద్యమం మొదలైందే అక్కడ. ‘ఇస్తానన్నారు’ అంటే సరిపోతుంది.

అయితే ‘క్రియలన్నీ’ అన్న మాటను మీరు మరీ అక్షరాలా తీసుకున్నారు. మొదటి ప్రతిలో ‘గడి ముందు నుంచి చెప్పులు వేసుకుని నడిచేవారు కాదు’ అని ఉంది. రెండో ప్రతిలో ‘నడవలేదు’ అయింది. మొదటిది ఏళ్ల తరబడి సాగిన అలవాటు. రెండోది ఏదో ఒక రోజు జరిగిన పని. వెట్టి గురించి రాసేటప్పుడు చేసేవారు, ఇచ్చేవారు, పోయేవారు అన్న రూపాలు ఉండాల్సిందే. ఇవీ భూతకాలమే కాబట్టి సార్ కాదనరు. అలాగే ‘పోచంపల్లి ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది’, ‘కడవెండి నేడు జనగామ జిల్లాలో ఉంది’ అన్నవాటిని ‘ఉండేది’ అని మార్చారు. 2016లో జిల్లాలు మారాయి, ఊళ్లు అక్కడే ఉన్నాయి. ఇవాళ్టికీ నిజమైనది వర్తమానంలోనే ఉండాలి. మీ అభిప్రాయం చెప్పే వాక్యాలూ అంతే: ‘ఈ రెండు ఘటనలకూ మూలం భూమేనని అనిపిస్తుంది’ అన్నది ఇప్పుడు మీకు అనిపించేదే, దాన్ని ‘అనిపించింది’ చెయ్యనక్కర్లేదు. నాయనమ్మ మాటను ఉటంకించినప్పుడు కొటేషన్ గుర్తుల లోపల ఒక్క అక్షరం కూడా మార్చకండి. ‘గడి ముంగట చెప్పులు చేతుల వట్టుకొని పోయేటోళ్లు’ అన్నది ఆమె మాట. దాన్ని ‘చెప్పులు చేతిలో పట్టుకుని నడిచారు’ అని దిద్ది, కొటేషన్ గుర్తులు అలాగే ఉంచారు. ఆ మాట ఆమె అనలేదు కదా.

పోచంపల్లి పేరా చివరి వాక్యం చూడండి: ‘అప్పటికి సాయుధ పోరాటం ముగిసింది.’ వ్యాకరణం దృష్ట్యా తప్పులేదు. మొదటి ప్రతిలో ఇదే వాక్యం ‘అప్పటికి సాయుధ పోరాటం ఇంకా సాగుతోంది’ అని ఉంది. ‘సాగుతోంది’ వర్తమానంలా కనిపించి, భూతకాలం చెయ్యబోయి ‘ముగిసింది’ చేశారు. వినోబా పోచంపల్లికి వచ్చింది 1951 ఏప్రిల్‌లో. కమ్యూనిస్టు పార్టీ సాయుధ పోరాటాన్ని విరమించింది అదే ఏడాది అక్టోబర్‌లో. ముగిశాక వచ్చారంటే ఆ యాత్రకున్న అర్థమే మారిపోతుంది, ఎందుకంటే ఆయన శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనం అయ్యాక తెలంగాణ పల్లెల్లోకి నడిచింది ఆ అలజడి మధ్యలోకే. ‘సాగుతూనే ఉండింది’ అనండి. కాలం దిద్దేటప్పుడు క్రియ చివర ఒక్కటే చూస్తే చాలదు. అప్పటికి, ఆ తర్వాత, అంతకుముందు అన్న మాటలు ఉన్న ప్రతి వాక్యం దగ్గరా రెండు సంఘటనల తేదీలు పక్కన రాసి, ఏది ముందో సరిచూడండి. మీ వ్యాసంలో అలాంటి వాక్యాలు ఎక్కువేమీ లేవు.

ఇవన్నీ అయ్యాక ఆ పేరా ఇలా ఉండవచ్చు. ఇదే రాయమని కాదు, మీ మాటల్లో మార్చుకోండి:

“1951 ఏప్రిల్ 18న వినోబా భావే పోచంపల్లి వచ్చారు. హరిజనవాడకు వెళ్లి అక్కడి కుటుంబాలతో మాట్లాడారు. తమకు భూమి లేదని వాడవాళ్లు చెప్పారు. ఎంత కావాలని వినోబా అడిగితే ఎనభై ఎకరాలన్నారు. అప్పుడు అదే ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానన్నారు. ఈ దానంతో వినోబా పాదయాత్రకు కొత్త దారి దొరికింది, భూదాన ఉద్యమం దేశమంతా వ్యాపించింది. జిల్లాలో సాయుధ పోరాటం అప్పటికి ఇంకా సాగుతూనే ఉండింది.”

‘ఆశ్చర్యపోయారు’ తీసేశాను. అడిగింది ఎనభై, ఇస్తానన్నది వంద అని ఉంటే ఆశ్చర్యం చదివేవాళ్లకే కలుగుతుంది. పేర్లు చేర్చినందుకు పేరా కొంచెం పెరిగింది. అందుకే పదాల లెక్క చివర చూసుకోవాలి. ఇప్పుడే సరిగ్గా 1500కి కోసేసి తర్వాత సర్వనామాలు దిద్దితే మళ్లీ దాటిపోతారు. మీ వ్యాసం మొత్తానికి పేర్లు, నామవాచకాలు వెనక్కి తేవడానికి ఓ పాతిక పదాలు ఖర్చవుతాయని నా అంచనా.

ఇక 1930ని ఎలా దింపాలి? ‘చరిత్ర అంటే గతానికి అద్దం’ అని మొదలయ్యే పీఠిక 90 పదాలు. అది ఏ వ్యాసానికైనా అతుకుతుంది, తీసేయండి. చివరి పేరా 140 పదాలు, అందులో కొత్త సంగతి ముప్పై పదాలకు మించి లేదు. ఆ రెండూ కలిపి 200 పోతాయి. ఆపైన నాకు మూడు దారులు కనిపిస్తున్నాయి.

సార్ చెప్పినట్టు నాయనమ్మ ముచ్చటను తీసేస్తే 280 పదాలు పోతాయి. పీఠిక, ముగింపు కోతలతో కలిపి, చేర్చే పాతిక పోను 1475కి వస్తారు. ఇంక వాక్యాల జోలికి పోనక్కర్లేదు, పని త్వరగా అయిపోతుంది, సార్ కూడా సంతోషిస్తారు. కానీ వెట్టి గురించి రెండుసార్లు రాసింది అలాగే మిగులుతుంది. కడవెండి, పోచంపల్లి గురించి పోటీలో చాలామంది రాస్తారు, ఆ పుస్తకాలు అందరికీ దొరుకుతాయి. మీ దగ్గర మాత్రమే ఉన్నది పోతుంది.

రెండో దారి, నాయనమ్మను పూర్తిగా ఉంచడం. అప్పుడు రెండోసారి వచ్చిన వెట్టి వర్ణన 110 పదాలు తీసెయ్యాలి, వాక్యాల్లో ఓ అరవై పదాలు పిండాలి. ‘చేయడం జరిగింది’ని ‘చేశారు’ అనడం, ‘అనే విషయం మనందరికీ తెలిసిందే’, ‘అని చెప్పవచ్చు’ లాంటివి తీసెయ్యడం. మీ వ్యాసంలో ఇవి బోలెడు ఉన్నాయి. అప్పటికీ 1585 దగ్గర ఆగుతారు. 1948 సెప్టెంబర్ పోలీసు చర్య గురించిన 160 పదాలను డెబ్బైకి కుదించాలి. 13న సైన్యం వచ్చింది, 17న నిజాం లొంగిపోయారు, అయినా పల్లెల్లో భూమి గొడవ చల్లారలేదు అంటే మీ అంశానికి సరిపోతుందని నేను అనుకుంటాను. కానీ ఆ భాగం విపులంగా ఉండాలని చూసే పరీక్షకులు కూడా ఉంటారు. పైగా 1495 అంటే అంచు మీద నిలబడ్డట్టే.

మూడోది, రెండోసారి వెట్టి వర్ణన ఉన్న చోటే నాయనమ్మను కూర్చోబెట్టడం. ఐదో పేరాలో మీ మాటలు తీసి, ఐలమ్మ సంగతికి ముందు నాయనమ్మ మాటలు పెట్టండి. ఆమె భాగం 280 నుంచి 170కి తగ్గించండి. ఏ ఊరు, తను చూసిందా విన్నదా, చెప్పుల ముచ్చట, తల్లి వెట్టికి పోయే సంగతి ఉంటే చాలు, పెళ్లి బండి కథ ఈ వ్యాసానికి అక్కర్లేదు. వాక్యాల్లో పిండిన అరవైతో కలిపి, పాతిక చేర్చుకున్నాక 1475 వస్తుంది. పోలీసు చర్య జోలికి పోనక్కర్లేదు. పని మాత్రం ఎక్కువ, ఆ పేరాకు ముందూ వెనకా అతుకు వాక్యాలు కొత్తగా రాయాలి. టైమ్ ఉంటే నాకు ఇదే నచ్చుతుంది. పోటీ నిబంధనల్లో ఇంటి పెద్దల జ్ఞాపకాలు వాడొద్దని ఎక్కడైనా రాసి ఉంటే మాత్రం మొదటి దారే గతి, అది ఒకసారి చూసుకోండి.

లెక్క కోసం పదాల మధ్య ఖాళీ తీసేసి అతికించే పని చెయ్యకండి. ‘చేస్తూ ఉన్నారు’ను ‘చేస్తున్నారు’ అనడం సహజం. ‘భూదానఉద్యమప్రభావం’ అని ఒకటే ముద్ద చేస్తే చదివేవాడికి వెంటనే తెలిసిపోతుంది. శీర్షిక, ఫుట్‌నోట్లు లెక్కలోకి వస్తాయో రావో అడిగి తెలుసుకోండి. వర్డ్‌లో Word Count తెరిస్తే ఫుట్‌నోట్లను కలపాలా వద్దా అని టిక్ పెట్టే గడి ఉంటుంది. ఆ టిక్ ఉంటే ఒక సంఖ్య, లేకపోతే ఇంకోటి వస్తుంది. అందుకే ఓ పాతిక పదాలు వెలితి ఉంచుకోమంటున్నాను.

పెద్దవాళ్ల సంగతి. సార్‌కు ‘భూతకాలం చేశాను సార్, కానీ కొన్నిచోట్ల అలవాటు చెప్పే రూపం ఉంచాను’ అని ఆ రెండు మూడు వాక్యాలు చూపించండి. హిస్టరీ సార్ కదా, ‘ముగిసింది’ వల్ల అక్టోబర్ ఏప్రిల్ కంటే ముందుకొచ్చిన సంగతి చూపిస్తే ఆయనే ఒప్పుకుంటారు. నాయనమ్మను ఉంచారని ముందే చెప్పండి, తర్వాత తెలిస్తే ఎక్కువ నొచ్చుకుంటారు. పెద్దనాయన దగ్గరికి పాత ప్రతి తీసుకెళ్లకండి. మార్జిన్‌లో పెన్సిల్ రాతలున్న కొత్త ప్రతి ఇచ్చి, ‘రామచంద్రారెడ్డి ఎవరో ఎక్కడైనా తికమక పడుతుందా పెద్దనాయనా’ అని అడగండి. భాష మీద కన్ను ఉన్న మనిషికి సరైన ప్రశ్న వేస్తే సరైన చోటే సున్నా చుడతారు. ‘ఈ మాట మళ్లీ వచ్చింది’ అని ఆయన ఇంకా అంటే, అది మనిషి పేరో, బిరుదో చూడండి. పేరు, బిరుదు కాకపోతే ఆయన మాట వినండి.

వరుస ఇలా పెట్టుకోండి. ఇవాళ మార్జిన్ రాతలు, పెద్ద కోతలు. రేపు పేర్లు, దేశ్‌ముఖ్ లాంటి మాటలు వెనక్కి తేవడం, సర్వనామాల మీద పెన్సిల్. ఆ తర్వాత కాలాలు, తేదీలు. చివర వాక్యాల్లో పిండడం, లెక్క. పిండినప్పుడు ఏదైనా పేరు మళ్లీ పోయిందేమో ఒక్కసారి చూసుకుని, పంపే ముందు రోజు మీ ఫ్రెండ్ చేత బయటకు చదివించుకోండి. వినేటప్పుడు మీరేమీ వివరించకండి. ఆమె ఎక్కడ ఆగి ‘ఎవరు?’ అని అడిగితే అక్కడ పేరు పెట్టేయండి.